తెర వెనక నుంచి అందించిన మాట

ఉదయం ఏడూ నలభైకి కుప్పంలో మా అక్క ఇంట్లో కుక్కరు మూడో కూత వేసింది. అక్క కూతురు సుజాత లోపలికి వెళ్ళి స్టవ్ ఆపి, తిరిగి వస్తూ ఒక పాత పసుపు గుడ్డ మూట తెచ్చి నా ముందు పెట్టింది. అక్క పోయి అప్పటికి పన్నెండు రోజులు. కర్మ ముందు రోజే అయిపోయింది, చుట్టాలు రైళ్ళకూ బస్సులకూ వెళ్ళిపోయారు. "బీరువా అడుగున చీరల కింద ఉండాది పిన్నమ్మా. నీకే ఇమ్మని ఎప్పుడో చెప్పింది, నేనే మర్చిపోయినా" అంది సుజాత. మూట విప్పితే ఒక అచ్చు పుస్తకం, దారంతో కుట్టిన ఐదారు చేతిరాత కట్టలు ఉన్నాయి. పుస్తకానికి అట్ట లేదు, మొదటి నాలుగు పుటలూ లేవు. అక్షరాలు చూడగానే పుంగనూరు దగ్గర మా ఊరి బడి, మూడు గంటల ఎండ, పేడ కళ్ళాపి వాసన ఒక్కసారిగా ఎదుటికొచ్చాయి. యాభై ఏళ్ళకు పైగా ఆ పుస్తకాన్ని నేను చూడలేదు. అది అక్క దగ్గర ఉందని కూడా నాకు తెలియదు.

మాది పశువుల ఇల్లు. పుంగనూరు పొట్టి ఆవులు నాలుగు, వాటి దూడలు, ఒక జత ఎద్దులు. చేను ఉంది కానీ అది వాన మీద బతికే చేను. మా నాయన చిన్న రెడ్డెప్పకు అసలు పని సంతలో పశువుల దళారీతనం. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం కుదిర్చేవాడు. ఆయనకు చదువు రాదు. పశువు నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పేవాడు, నడక చూసి గుణం చెప్పేవాడు. మా ఇంట్లో పొద్దు కోడికూతతో కాక పాలచెంబు చప్పుడుతో మొదలయ్యేది. అమ్మ పాలు పిండుతుంటే మా అవ్వ ఉలవలు ఉడకేసేది. ఆ వాసన ఇల్లంతా, బట్టలంతా పట్టి బడికి కూడా మాతో వచ్చేది. అవ్వ తన పళ్లెంలో సంగటిముద్ద మధ్య గుంట చేసి, అందులో నెయ్యి వేసుకొని, అది కరిగేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. సాయంత్రం మళ్ళీ పాలు పిండాక నాయన తిన్నె మీద కూర్చుని పలుపు తాళ్ళకు నార పేనేవాడు. చేతులు ఊరికే ఉంటే ఆయనకు మాట వచ్చేది కాదు.

నా తొమ్మిదో ఏట మా బడికి కొత్తగా తెలుగు అయ్యవారు వచ్చారు. పేరు శేషాచలం గారు, ఊరు గోదావరి వైపు. ఆయన పెట్టెలో ఈ అట్ట లేని పుస్తకం ఉండేది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, సంఘసంస్కరణ వేడిగా ఉన్న రోజుల్లో, మద్రాసులో అచ్చయిన నాటకం అని ఆయన చెప్పేవారు. రాసినవాడి పేరూ నాటకం పేరూ పోయిన పుటలతోనే చెదల పాలయ్యాయి. తర్వాత నేను మదనపల్లెలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ ఎన్ని గ్రంథాలయాల జాబితాలు వెతికినా అది ఏ నాటకమో కనుక్కోలేకపోయాను. అప్పట్లో అలాంటివి చాలా వచ్చాయి, చాలా పోయాయి.

కథ చిన్నది. ఒక అగ్రహారంలో ఒక తండ్రి. పెద్ద కూతురిని ఎనిమిదో ఏట ఒక ముసలివాడికి శుల్కం పుచ్చుకొని ఇచ్చాడు. అతను పోయాడు. ఆ పిల్లకు తల గొరిగించి, తెల్ల చీర కట్టి ఇంట్లో కూర్చోబెట్టారు. ఇప్పుడు రెండో కూతురికి తొమ్మిదేళ్ళు. పెళ్ళికొడుక్కు అరవై దాటాయి, ఇది మూడో పెళ్ళి. మధ్యవర్తి ఒకడు ఇద్దరి మధ్యా తిరుగుతుంటాడు. మొదటి అంకంలో అతను పెళ్ళికొడుకు వయసు అరవై అంటాడు, రెండో అంకానికి యాభై అవుతుంది, మూడో అంకానికి నలభై ఐదు. పిల్ల వయసు మాత్రం పెరుగుతూ పోతుంది, ఎందుకంటే వయసు పెరిగే కొద్దీ శుల్కం పెరుగుతుంది. ఎనిమిదేళ్ళ పిల్లకు ఒక రేటు, తొమ్మిదికి ఇంకొంచెం, పదికి ఇంకా. కాపురానికి ఎంత దగ్గరైతే అంత ధర. కానీ పెళ్ళి కాకుండానే పిల్ల పెద్దమనిషి అయిందా, అప్పుడు ధర కాదు కదా, తండ్రిని కులంలోనే ఉంచరు. అందుకని తండ్రి ఒకపక్క ఆశతో ఇంకో ఏడు ఆగుదామనుకుంటాడు, ఇంకోపక్క భయంతో ఈ ముహూర్తానికే ఇచ్చేద్దామనుకుంటాడు. మధ్యవర్తి సంచిలో పిల్లకు రెండు జాతకాలుంటాయి. ఒకటి పుట్టినప్పుడు రాసింది, ఒకటి ఈ వరుడి కోసం రాయించింది. పురోహితుడు మరీ ఘటికుడు. శుల్కం తీసుకుని చేసేది ఆసుర వివాహం, తప్పు అని తనే గ్రాంథికంలో చెప్పి, ఉపాయం కూడా తనే చెబుతాడు. డబ్బు పెరటి గదిలో చేతులు మారుతుంది, సరిగ్గా అదే వేళకు పందిట్లో తను కన్యాదానం మంత్రం చదువుతాడు. గదిలో ఏం జరిగిందో మంత్రానికి తెలియదు గనక అది ధర్మమైన బ్రాహ్మ వివాహమే అవుతుంది.

అయ్యవారు దీన్ని వివరిస్తూ ఒక మాట చెప్పేవారు. మూడో అంకంలో, బేరం జరిగేటప్పుడు, ఆ తొమ్మిదేళ్ళ పిల్ల రంగం మీదికి రాదు. లోపల గవ్వలాడుకుంటూ లెక్కపెడుతున్న గొంతు మాత్రం వినిపిస్తుంది. బయట పెద్దవాళ్ళు ధర చెబుతుంటారు, లోపల పిల్ల గవ్వల లెక్క చెబుతుంటుంది. "రచయిత ఎక్కడా తిట్టలేదు చూశారా" అనేవారాయన. "వాళ్ళ మాటలు వాళ్ళకే వినిపించాడు, అంతే."

బడి వార్షికోత్సవానికి ఈ నాటకం వేద్దామన్నారు. ముసలి పెళ్ళికొడుకుగా హెడ్మాస్టరు, తండ్రిగా అయ్యవారు. మధ్యవర్తిగా ఎవరు అనే సమస్య వచ్చినప్పుడు ఊళ్ళో అందరూ మా నాయన పేరే చెప్పారు. బేరం చేసే మొహం ఆయనకున్నట్టు ఎవరికీ లేదు. లోపల గవ్వలు లెక్కపెట్టే గొంతు నాది, నాకు తొమ్మిదేళ్ళు. పుస్తకం ఒక్కటే, ముట్టుకుంటే పొడిపొడిగా రాలేది. అందుకని ఎవరి పాత్ర వాళ్ళకు విడిగా రాయించారు. ఆ పని మా అక్క నాగరత్నకు అప్పజెప్పారు. అక్కకు పదిహేనేళ్ళు, ఎనిమిదో తరగతితో బడి మానిపించారు, కానీ ఆమె రాత గుండ్రంగా ముత్యాల్లా ఉండేదని అయ్యవారు మర్చిపోలేదు. ఒక్కొక్కరికీ వాళ్ళ మాటలు, వాటికి ముందు ఎదుటివాడి మాటలో చివరి రెండు పదాలు, అంతే రాసేది. నాటకం మొత్తం తెలిసింది ఇద్దరికే, అయ్యవారికీ అక్కకూ. అందుకే నాటకం రోజు తెర వెనక ఉండి మాట అందించే పని కూడా అక్కకే వచ్చింది.

రోజూ సాయంత్రం అక్క గడప మీద కూర్చుని చదివేది, నాయన నార పేనుతూ అప్పజెప్పేవాడు. ఆయనకు ఆ నాటకం మహా ఇష్టంగా ఉండేది. జాతకం మార్చే చోట ప్రతిసారీ పేనడం ఆపి నవ్వేవాడు. "పండ్లు సూస్తే తెలిసిపోయేదానికి ఈ కాగితాలన్నీ యాల?" అనేవాడు. అవ్వ మాత్రం వితంతువు పాత్ర దగ్గర ప్రతిసారీ అభ్యంతరం చెప్పేది. మొగుడు పోతే తల గొరిగి మూల కూర్చోబెట్టడమేమిటి, మనలో అయితే మారుమనువు చేసి పంపరా అని. ఆమె అన్నది నిజమే. ఆ నాటకం మావాళ్ళ గురించి రాసింది కాదు. ఎక్కడో నదుల పక్క అగ్రహారాల గురించి రాసింది. మేమంతా నిశ్చింతగా నవ్వింది అందుకే.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఇంకో బేరం జరుగుతూ ఉంది. మాలో ఓలి ఉండేది. పెళ్ళికొడుకు వాళ్ళు పిల్ల తండ్రికి ఇచ్చేది. అది కులపెద్దలు కట్టిన మొత్తం, ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే. దానికెవరూ బేరం ఆడేవాళ్ళు కాదు. కానీ రెండో పెళ్ళివాడైతే పైన కొంత అడగవచ్చు. అక్కకు రామసముద్రం నుంచి వచ్చిన సంబంధం అలాంటిది. గంగులప్ప అనే ఆయన, నలభైకి దగ్గర్లో ఉంటాడు, భార్య పోయింది, ఇద్దరు పిల్లలు. మంచి పాడి ఉంది. చెడ్డవాడని ఎవరూ అనలేరు. ఒకరోజు మధ్యాహ్నం మా తిన్నె మీద ఆయనా మా నాయనా ఎదురెదురుగా కూర్చున్నారు. నాయన భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. సంతలో అలాగే చేసేవాళ్ళు. ధర పైకి చెప్పరు, తువ్వాలు కింద ఎదుటివాడి వేళ్ళు పట్టుకొని నొక్కి చెబుతారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని. చుట్టూ ఉన్నవాళ్ళకు తువ్వాలు కదలడం కనిపిస్తుంది, ధర తెలియదు. కాసేపు తువ్వాలు కదిలింది. తర్వాత ఇద్దరూ నవ్వారు. వచ్చే శుక్రవారం తాంబూలాలు అన్నారు. అక్క అప్పుడు లోపల పాత్రలు రాస్తూ ఉంది.

ఓలి తప్పని మా ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. అవ్వకు దాని మీద గౌరవం కూడా ఉండేది. ఊరికే తెచ్చుకున్న దానికి ఇలువ ఏముంటాది అనేది. ఆమె మాటలో కొంత నిజముంది. కాపురం పొసగకపోతే ఓలి తిరిగిచ్చి ఆడది బయటికి రావచ్చు, పెద్దలు ఒప్పుకునేవాళ్ళు. నాటకంలో అమ్ముడుపోయిన పిల్లకు ఆ దారి లేదు. ఇవన్నీ నేను తర్వాత చదువుకొని, పోల్చుకొని తెలుసుకున్నవి. అప్పుడు నాకు తెలిసిందల్లా అక్క ఆ సంబంధం మాట వచ్చినప్పటి నుంచి సంగటి సగం పళ్లెంలోనే వదిలేస్తోందని.

నాటకం తాంబూలాలకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం మూడింటికి పెట్టారు. పొద్దుగూకే వేళకు అందరూ పాలు పిండుకోవాలి, తెల్లారకముందే మళ్ళీ లేవాలి, అందుకని రాత్రి ఆటలు మా ఊళ్ళో సాగేవి కావు. రెండు బండ్లు పక్కపక్కన నిలిపి పైన పలకలు పరిచారు. వెనక దుప్పట్లు కుట్టిన తెర. తెర వెనక అక్క పుస్తకం పట్టుకొని, నేను గవ్వలు పట్టుకొని కూర్చున్నాం. దుప్పట్ల సందులోంచి ముందు వరుస కనబడేది. గంగులప్ప కాబోయే అల్లుడు గనక ఆయనకు బెంచీ వేశారు. పక్కన అవ్వ. కొంచెం వెనక మా పక్కింటి ఎంగటమ్మ. ఆమె నోటికి ఊరంతా జంకేది.

రెండు అంకాలు బాగా సాగాయి. హెడ్మాస్టరు గడ్డం ఒకసారి ఊడితే ఆయనే పట్టుకొని మాట్లాడాడు. మూడో అంకం వచ్చింది. నేను గవ్వలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పుస్తకంలో అయితే మధ్యవర్తి ధరను చెవిలో చెప్పాలి. నాయన ఇన్ని రోజులూ అప్పజెప్పింది కూడా అలాగే. కానీ ఎదురుగా ఉన్నది సంత జనం. బేరం మాట నోట్లోకి రాగానే ఆయన చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. తువ్వాలు తీసి హెడ్మాస్టరు చేతి మీద కప్పి, కింద వేళ్ళు పట్టుకున్నాడు. హెడ్మాస్టరుకు ఆ బేరం తెలియదు, గడ్డంలోంచి అయోమయంగా చూశాడు. జనం గొల్లుమన్నారు. నవ్వు తగ్గేలోగా ఎంగటమ్మ గొంతు లేచింది.

"రెడ్డెప్పా, ఈ బేరం మొన్న మీ తిన్నె మీదనే సూసినాం గదప్పా. మళ్ళీ ఈడ యాల?"

కొందరు ఇంకా నవ్వారు, కానీ ఆ నవ్వు తొందరగా ఆగిపోయింది. నేను కూడా లెక్కపెట్టడం ఆపేశాను. గంగులప్ప తల దించుకొని తన చేతులు చూసుకున్నాడు. నాయన తువ్వాలు కింద చెయ్యి తియ్యలేదు. తర్వాతి మాట ఆయనకు గుర్తు రాలేదని అందరూ అనుకున్నారు. అక్క పుస్తకం ఒళ్ళో ఉంది, ఆమె దానికేసి చూడలేదు. మెల్లగా అందించింది.

"పిల్లను అడిగేదేముంది? దూడను అడిగి అమ్ముతామా?"

నాయన అనలేదు. అక్క మళ్ళీ అందించింది, ఈసారి ముందు వరుసకు వినబడేలా. ఆయన అనలేదు. మూడోసారి బడి ఆవరణంతా వినబడేలా అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఏడుపు లేదు. మాట అందించడం తన పని, ఆ పని చేసింది. నాయన హెడ్మాస్టరు చెయ్యి వదిలి, జనానికి వీపు పెట్టి, తెర వైపు తిరిగాడు.

"నువ్వేమంటావమ్మా?"

ఆ మాట నాటకంలో లేదు. అక్క తెర వెనక నుంచే జవాబు చెప్పింది.

"నాకొద్దు నాయినా."

నాయన తువ్వాలు దులిపి భుజం మీద వేసుకొని బండి దిగాడు. నాలుగో అంకం జరగలేదు. గంగులప్ప లేచి నాయన దగ్గరికి వచ్చాడు. పెద్దమనిషి ఆయన. "పిల్లే వద్దన్నాక ఇంకేముండాదిలేప్పా. ముందే అడిగింటే నాకు రెండు మార్లు బస్సు తప్పేది" అన్నాడు. నాయన ఆయన్ను ఇంటికి తీసుకెళ్ళి మజ్జిగ ఇప్పించి పంపాడు. అవ్వ నెల రోజులు నాయనతో మాట్లాడలేదు. నలుగురిలో పిల్ల నోరు విప్పడం ఒక నేరం, విప్పమనడం ఇంకో నేరం ఆమెకు. అక్క ఆ మరుసటి ఏడు మళ్ళీ బడికి వెళ్ళింది. టీచరు ట్రైనింగు అయింది. ఇరవై మూడో ఏట, తనే సరేనన్నాక, కుప్పం సంబంధం చేశారు. నాయన ఓలి తీసుకోలేదు.

ఆ దూడ మాటను నేను నా క్లాసుల్లో ముప్ఫై ఏళ్ళు చెప్పాను. పేరు తెలియని ఆ రచయిత, నదుల సీమవాడు, పశువుల సంత ఎప్పుడైనా చూశాడో లేదో, మా నాయనలాంటి వాడి నోట్లోంచి ఊడిపడ్డ మాట ఎలా రాయగలిగాడని ఆశ్చర్యపోవడం కాదు, భయపడేదాన్ని. సాహిత్యానికి ఉన్న శక్తి ఏమిటంటే ఇదీ అని పిల్లలకు చెప్పేదాన్ని. కుప్పంలో ఆ ఉదయం, సుజాత అన్నం వడ్డిస్తానంటే ఆగమని, మూడో అంకం తెరిచాను. ఆ మాట అక్కడ లేదు. మధ్యవర్తి చెవిలో ధర చెబుతాడు, తర్వాత "సరే, తాంబూలాలు తెప్పించండి" అంటాడు. అంతే. ముందు పుటలూ వెనక పుటలూ చూశాను, నాటకం మొత్తంలో ఎక్కడా ఆవు లేదు, దూడ లేదు. తర్వాత చేతిరాత కట్టల్లో నాయన పాత్ర తీశాను. గుండ్రటి అక్షరాల్లో, మిగతా మాటల వరసలోనే, ఏ గుర్తూ లేకుండా ఆ మాట ఉంది. పదిహేనేళ్ళ పిల్ల తనంతట తాను రాసి, చదువు రాని తండ్రికి రోజూ సాయంత్రం చదివి వినిపించి, బట్టీ పట్టించింది. ఆయన నార పేనుతూ రోజూ ఆ మాటను ఏ తడబాటూ లేకుండా అప్పజెప్పాడు. అయ్యవారికి తెలియకుండా ఉండదు. ఆయన పుస్తకం మొత్తం తెలిసిన మనిషి. ఏమీ అనలేదు, బదిలీ మీద పోతూ పుస్తకాన్ని ఆమెకే ఇచ్చిపోయినట్టున్నారు. నాయన ఆ సంగతి తెలియకుండానే పోయాడు. అక్క నాతో యాభై ఏళ్ళు ఎన్నో మాట్లాడింది, నేను ఆమె ముందే ఆ రచయితను ఎన్నిసార్లో పొగిడాను. ఆమె వింటూ కూరగాయలు తరిగేది.

నాకు ఏడుపు రాలేదు. ఒక నాటకం లోపాన్ని చూపగలదని చదువుకున్నాను, చెప్పాను. ఆ చూపు మా గడపదాకా రావడానికి ఒక్క మాట తక్కువైందని కనిపెట్టి, ఆ మాట రాసి, నోరు మూసుకున్న మనిషి పక్కన ఇన్నేళ్ళు బతికానని తెలియడం వేరు.

నాటకం జరిగిన తర్వాత మా నాయన ఒక పద్ధతి పెట్టాడు. చుట్టాల్లో ఎవరి సంబంధానికి మధ్యన కూర్చోమన్నా, తాంబూలాలు మార్చుకునే ముందు పిల్లను పిలిపించి, చాప మీద కూర్చోబెట్టి, రెండు వైపుల వాళ్ళ ఎదుటా అడిగేవాడు. "సూడమ్మా, నీకు ఇష్టమా? లేదంటే ఈడనే సెప్పు" అని. మొదట్లో వెక్కిరించారు. తర్వాత పుంగనూరు చుట్టుపక్కల మావాళ్ళ పది పన్నెండు ఇళ్ళలో అది అలవాటయింది. నన్నూ అలాగే అడిగారు, నేను సరేనన్నాను. చుట్టాల్లో ఇద్దరు ఆడపిల్లలు వద్దన్నారు, ఆ సంబంధాలు అక్కడే ఆగాయి. ఓలి ఎప్పుడు పోయిందో సరిగ్గా చెప్పలేను. పోయి ఊరికే పోలేదు, దిక్కు మార్చుకొని కట్నమై వచ్చింది. శతాబ్దం దాటిన ఆ నాటకం ఇప్పుడు రాస్తే తండ్రికి ఇచ్చే బదులు తండ్రి చేత ఇప్పిస్తారు, మిగతా అంకాలేవీ మార్చనక్కర్లేదు.

భోజనాలయ్యాక సుజాత తన కూతురి నిశ్చితార్థం ఫోటోలు ఫోన్లో చూపించింది. పిల్ల బెంగళూరులో ఉద్యోగం, అబ్బాయిదీ అక్కడే. రెండు వైపులా బయోడేటాలు పంపుకున్నారు, జాతకాలు కంప్యూటరులో కలిపారు, హాలు బుక్ చేశారు. పిల్లను అడిగారా అన్నాను. సుజాతకు నా ప్రశ్న అర్థం కాలేదు. "ఇష్టం లేకపోతే చెప్పుండదా పిన్నమ్మా, చదువుకున్న పిల్ల" అంది. కావచ్చు. తాంబూలాల ముందు పిల్లను చాప మీద కూర్చోబెట్టి అందరి ఎదుటా అడగడం ఇప్పుడు మా ఇళ్ళల్లో లేదు.